పన్నెండు కొంటే ఒకటి ఫ్రీ: ఒక సేల్స్ ట్రైనీ దరఖాస్తు

“ప్రతిష్ఠాత్మకమైన మీ సంస్థలో పనిచేసే అవకాశం కల్పిస్తే నా శాయశక్తులా కృషి చేస్తానని మనవి చేసుకుంటున్నాను.” సబ్బులు, బిస్కెట్లు, తలనూనెలు అమ్మే కంపెనీలకు సేల్స్ ట్రైనీ ఉద్యోగం కోసం వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇలాగే మొదలవుతాయి. ఇంగ్లిషులో రాసినా వాక్యం ఇదే. అందులో తప్పేమీ లేదు, వినయం కూడా ఉంది. కానీ దాన్ని చదివే ఏరియా సేల్స్ మేనేజర్‌కు ఆ అభ్యర్థి గురించి ఒక్క సంగతీ తెలియదు. పక్కన ఉన్న రెజ్యూమె తెరిచి శాతం మార్కులు చూస్తాడు, కిందికి దాటేస్తాడు.

బీకాం చదివిన వాళ్ల విషయంలో ఇది నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. ఈ ఉద్యోగానికి పనికొచ్చే చదువు వాళ్ల దగ్గర నిజంగానే ఉంది. దాన్ని ఉత్తరంలోకి తేవడం మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు. అందుకే ఒక్క కవర్ లెటర్‌ను పట్టుకుని, అది ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో తెలియాలి. సేల్స్ ట్రైనీ అంటే ఏసీ గదిలో కూర్చుని ప్రకటనలు తయారు చేయడం కాదు. కంపెనీ సరుకు డిపో నుంచి ఊళ్లో ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు వస్తుంది. మన వైపు చాలామంది ‘ఏజెన్సీ’ అనేది ఆయన్నే. ఆయన దగ్గర పనిచేసే లైన్ సేల్స్‌మన్ రోజుకో బీట్ చొప్పున, అంటే ఇవాళ ఈ వీధులు, రేపు ఆ ఊళ్లు అని ముందే వేసుకున్న దారి ప్రకారం కొట్టుకొట్టుకూ తిరిగి ఫోన్‌లోని యాప్‌లో ఆర్డర్లు రాసుకుంటాడు. సరుకు తర్వాత వ్యాన్‌లో వెళుతుంది. ట్రైనీగా చేరినవాడు మొదట్లో ఆ సేల్స్‌మన్ వెంట తిరగాలి. ఉదయం ఏజెన్సీ దగ్గర హాజరు, ఆ తర్వాత ఎండలో ముప్పై నలభై కొట్లు. కొన్నాళ్లకు కొందరు డిస్ట్రిబ్యూటర్లనూ వాళ్ల సేల్స్‌మన్లనూ అతనికి అప్పగిస్తారు. అప్పుడు టార్గెట్ అతనిది, సరుకు నిల్వ చూసుకునే బాధ్యత అతనిది, డిస్ట్రిబ్యూటర్ అలిగితే సర్దిచెప్పే పనీ అతనిదే.

ఉత్తరం చదివే మేనేజర్‌కు మూడు అనుమానాలు ఉంటాయి. వీడు ఎండలో తిరుగుతాడా? కొట్టాయన చెప్పింది వింటాడా? డిస్ట్రిబ్యూటర్ లెక్క ముందు పెడితే అర్థం చేసుకుంటాడా? మంచి కవర్ లెటర్ ఈ మూడింటికీ జవాబు చెబుతుంది.

ఇప్పుడు ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. నరసరావుపేటలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాడు. మార్కులు మధ్యస్థం. చివరి ఏడాది సాయంత్రాలు ఒక ఆడిటర్ ఆఫీసులో ట్యాలీలో బిల్లులు ఎక్కించాడు. వాళ్ల బాబాయికి ఊరి చివర చిన్న కిరాణా కొట్టు ఉంది. సెలవుల్లో అక్కడ కూర్చునేవాడు. తలనూనె, షాంపూ, సబ్బులు తయారు చేసే ఒక కంపెనీ ట్రైనీల కోసం ప్రకటన ఇచ్చింది. అతని మొదటి ఉత్తరంలో ఏముంది? తాను కష్టపడే స్వభావం కలవాడినని, నాయకత్వ లక్షణాలున్నాయని, బృందంతో కలిసి పనిచేయగలనని, కమ్యూనికేషన్ స్కిల్స్ బాగుంటాయని రాశాడు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న రెండు పొగడ్తలు తిరిగి కంపెనీకే రాశాడు. ఆడిటర్ ఆఫీసు గురించి ఒక ముక్క, కొట్టు గురించి అసలు లేదు. బాబాయి కొట్లో కూర్చోవడం కూడా ఒక అనుభవమేనా అనుకున్నాడు.

నా ఉద్దేశంలో అతని దగ్గరున్న అసలు సొత్తు ఆ కొట్టే.

ఆ కొట్లో ఒక సోమవారం ఏం జరిగిందో చూడండి. ఏజెన్సీ సేల్స్‌మన్ వచ్చాడు. “బాబాయ్, నూనె మీద మంచి స్కీము వచ్చింది. డజను తీసుకుంటే ఒకటి ఫ్రీ. ఈ వారమే” అన్నాడు. కొట్టాయన తల కూడా ఎత్తకుండా, “ఫ్రీ సంగతి తర్వాత గానీ అబ్బాయ్, నాకు రెండు బాటిళ్లు చాలు. అవీ పెద్ద బజార్లో హోల్‌సేల్ వాడి దగ్గర తెచ్చుకుంటాలే. సాషేలు మాత్రం రెండు లడీలు రాసుకో” అన్నాడు. సేల్స్‌మన్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. పక్కన కూర్చున్న బీకాం కుర్రాడికి బాబాయి చేజేతులా లాభం వదులుకున్నట్టు అనిపించింది. చూసే వాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది.

లెక్క వేద్దాం. లెక్క తేలికగా ఉండటానికి బాటిల్ ఎంఆర్‌పీ 100 రూపాయలు, కొట్టుకు పడే ధర 90 అనుకుందాం. డజనుకు 1,080 రూపాయలు కడితే పదమూడు బాటిళ్లు వస్తాయి. అన్నీ అమ్మితే 1,300. లాభం 220. స్కీము లేకుండా అవే పదమూడు బాటిళ్లు 90 చొప్పున కొంటే లాభం 130. అంటే స్కీము వల్ల అదనంగా వచ్చేది 90 రూపాయలు. కాగితం మీద ఎవరూ కాదనలేని లాభమే.

కానీ ఆ కొట్లో ఆ బాటిల్ వారానికి రెండే పోతాయి. ఇక్కడే మొత్తం తలకిందులవుతుంది. పదమూడు అమ్ముడుపోవడానికి ఆరున్నర వారాలు పడుతుంది. సేల్స్‌మన్ మాత్రం వచ్చే సోమవారమే బిల్లు డబ్బు అడుగుతాడు. అప్పటికి ఆ నూనె తాలూకు గల్లాలో పడింది 200. మిగతా 880 రూపాయలు వేరే సరుకు అమ్మిన డబ్బులోంచి తీసి కట్టాలి. ఆ వేరే సరుకు బిస్కెట్లు, సాషేలు, టీ పొడి పొట్లాలు. ఇవాళ కొంటే నాలుగైదు రోజుల్లో అయిపోయేవి. కొన్న ధర మీద పది శాతం మిగిలినా 880 రూపాయల సరుకు ఒక్కసారి తిరిగితే 88 రూపాయలు వస్తుంది. నూనె స్కీములో ఆరున్నర వారాలు ఆగితే వచ్చే అదనపు 90, చిల్లర సరుకులో ఒక్క వారంలో వచ్చే 88. పెట్టుబడి బొటాబొటిగా ఉన్న కొట్టాయన ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. కానీ బీకాంలో ‘స్టాక్ టర్నోవర్ రేషియో’ అని చెప్పే పాఠాన్ని తల కూడా ఎత్తకుండా అమలు చేశాడు. ఏ సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతోందన్నదే ఆ పాఠం. లాభం శాతం ఎంత పెద్దదైనా సరుకు కదలకపోతే డబ్బు అటకమీద కూర్చున్నట్టే.

హోల్‌సేల్ మాట కూడా వదలకూడదు. పెద్ద బజార్లో హోల్‌సేల్ వ్యాపారి స్కీము వచ్చిన రోజే డజన్లకు డజన్లు ఎత్తుతాడు. ఫ్రీ బాటిల్ కలుపుకుంటే అతనికి ఒక్కోటి 83 రూపాయల చిల్లరకు పడుతుంది. చిన్న కొట్లకు 88కి అమ్మినా అతనికి అయిదు రూపాయలు మిగులుతుంది. కొట్టాయనకు సేల్స్‌మన్ ఇచ్చే 90 కన్నా రెండు రూపాయలు తక్కువ, కావలసింది రెండంటే రెండే కొనుక్కోవచ్చు. చిన్న కొట్ల కోసమని కంపెనీ ఇచ్చిన స్కీము హోల్‌సేల్ చేతికి వెళ్లింది, సేల్స్‌మన్‌కు ఆ కొట్లో నూనె మీద బిల్లు పడలేదు. ఏ మార్కెట్లో తిరిగే సేల్స్ ఆఫీసర్‌నైనా అడగండి, ఈ తలనొప్పి తెలియనివారు ఉండరు. బీకాం పాసైన కుర్రాడు దీన్ని తనంతట తాను గమనించి, లెక్క కట్టి నాలుగు వాక్యాల్లో రాస్తే, చదివే మేనేజర్ కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.

అయితే ఆ నాలుగు వాక్యాలు రాయడంలోనే చాలామంది జారిపడతారు. మొదటి ప్రమాదం తీర్పులు చెప్పడం. “మీ స్కీములు చిన్న కొట్లకు పనికిరావు, వాటిని మార్చాలి” అని రాస్తే కంపెనీ గురించి ఏమీ తెలియకుండా సలహా ఇచ్చినట్టవుతుంది. ఆరు బాటిళ్ల మీద వేరే స్కీము ఆ కంపెనీకి ఇప్పటికే ఉండొచ్చు. వారానికి డజను అమ్మే కొట్టుకు ఇదే స్కీము బంగారం లాంటిది కావచ్చు. ఒక్క కొట్టును చూసి బజారంతటికీ వర్తించే మాట చెప్పలేం. అందుకే చూసింది చూసినట్టు రాయాలి, లెక్క చూపాలి, ఆ పైన ఏమనుకోవాలో నేర్చుకోవడానికి వస్తున్నానని ఆపేయాలి.

రెండో ప్రమాదం లెక్కలో తప్పు. పన్నెండు కొంటే ఒకటి ఫ్రీ అంటే ఎంత శాతం తగ్గింపు? చాలామంది ఒకటిని పన్నెండుతో భాగించి 8.33 అంటారు. కానీ చేతికొచ్చినవి పదమూడు, డబ్బు కట్టింది పన్నెండుకు. ఒకటిని పదమూడుతో భాగించాలి. అది 7.69 శాతం. అలాగే 90కి కొని 100కి అమ్మితే మార్జిన్ ఎంత? అమ్మిన ధర మీద చూస్తే 10 శాతం, కొన్న ధర మీద చూస్తే 11.11 శాతం. బజార్లో రెండు రకాలుగానూ మాట్లాడతారు, కొట్టాయనకూ సేల్స్‌మన్‌కూ గొడవలు కూడా ఇక్కడే వస్తాయి. ఉత్తరంలో ఏ ధర మీద చెబుతున్నారో రాయకపోతే, కామర్స్ పట్టభద్రుడు అయ్యుండి ఈ తేడా తెలియదా అనుకుంటారు. రాస్తే, ఆ ఒక్క మాటతోనే చదువు కనిపిస్తుంది.

మూడోది, కొట్టు పరువు. కొట్టు పేరు, అక్కడి రోజువారీ అమ్మకం, ఎవరికి ఎంత బాకీ ఉన్నారు అన్నవి ఆ కొట్టాయన సొంత విషయాలు. బంధువైనా సరే, ఆయన్ని అడగకుండా అవి కంపెనీకి రాయకూడదు. ‘మా ఊరి చివరి కొట్టు’ అంటే చాలు. పోటీ కంపెనీ ఏ రేటుకు ఇస్తోందో కూపీ లాగి రాయడం తెలివిగా కనిపించవచ్చు. కానీ రేపు తమ రేట్లు కూడా ఇలాగే బయట పెడతాడేమోనని చదివేవారికి తడుతుంది.

ఇక ఆడిటర్ ఆఫీసు సంగతి. “ట్యాలీ తెలుసు” అన్న రెండు మాటలు ప్రతి బీకాం రెజ్యూమెలోనూ ఉంటాయి కాబట్టి వాటికి విలువ లేదు. ఏం చేశావు అన్నది కావాలి. మన అభ్యర్థి ఒక వ్యాపారి కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో పోల్చి చూసేవాడు. సప్లయర్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లులన్నీ ఆ పత్రంలో వచ్చి చేరతాయి. వ్యాపారి దగ్గర బిల్లు ఉండి అందులో కనిపించకపోతే, కట్టిన పన్ను వెనక్కి తీసుకోవడం ఆగిపోతుంది. అలాంటి బిల్లులను వేరు చేసి సప్లయర్‌కు ఫోన్ చేయించడం అతని పని. వాపసు వెళ్లిన సరుకుకు క్రెడిట్ నోట్ వచ్చిందా లేదా అని చూసేవాడు.

ఇది సేల్స్‌కు ఎందుకు? డిస్ట్రిబ్యూటర్‌కు కంపెనీతో వచ్చే తగాదాల్లో పెద్ద వాటా క్లెయిముల దగ్గరే. స్కీము కింద ఇచ్చిన ఫ్రీ సరుకు, డేట్ అయిపోయి కొట్ల నుంచి వెనక్కి వచ్చిన సరుకు, చిరిగిన ప్యాకెట్లు, వీటి డబ్బు ముందు డిస్ట్రిబ్యూటర్ జేబులోంచి పోతుంది, తర్వాత కంపెనీ క్రెడిట్ నోట్ ఇస్తుంది. అది ఆలస్యమైతే ఆయన కొత్త సరుకు ఎత్తడు. “ముందు నా పాత క్లెయిములు తేల్చండి, ఆ తర్వాత టార్గెట్ మాట” అంటాడు. ఆ సమయంలో లెడ్జర్ ముందు పెట్టుకుని, ఏ నోట్ వచ్చింది, ఏది రాలేదు అని వరసగా చెప్పగలిగిన ట్రైనీకి డిస్ట్రిబ్యూటర్ దగ్గర మాట చెల్లుతుంది. ఇంజినీరింగ్ చదివి సేల్స్‌లోకి వచ్చిన వాళ్లు కూడా ఇది నేర్చుకోగలరు, కానీ బీకాం వాళ్లకు ఇది ముందే చేతిలో ఉంటుంది. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాస్తే చాలు, డిస్ట్రిబ్యూటర్ తగాదాలన్నీ ఉత్తరంలో విడమరచనక్కర్లేదు.

ఊరు తెలిసిన మనిషి అని చూపించేది మరొకటి ఉంది. పల్నాడు, గుంటూరు ప్రాంతాల్లో సంక్రాంతి దాటాక మిర్చి కోతలు ఊపందుకుంటాయి. కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి కళ్లాల దగ్గర దిగుతారు. ఆ వారాల్లో పల్లె కొట్లలో చిన్న ప్యాకెట్లకు గిరాకీ పెరుగుతుంది. రోజు కూలి చేతికొచ్చి, గుడిసెలో సామాను పెట్టుకునే చోటు లేని మనిషి రెండు వందల మిల్లీలీటర్ల బాటిల్ కొనడు, సాషే కొంటాడు. మిర్చి అమ్ముడై రైతు చేతికి డబ్బొచ్చాక పెద్ద ప్యాకెట్లు కదులుతాయి. కోస్తా జిల్లాలో అయితే ఇది వరి కోతలు, ఆదిలాబాద్ వైపు అయితే పత్తి తీతలు. తన ప్రాంతంలో డబ్బు ఏ నెలలో చేతులు మారుతుందో తెలిసిన అభ్యర్థి ఆ సంగతి ఒక వాక్యంలో రాయాలి. హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్నవారికి అది రోజూ దొరికే సమాచారం కాదు.

ఇవన్నీ కలిపి అతను మళ్లీ రాసిన ఉత్తరం ఇలా ఉంటుంది. కంపెనీకి పంపేది ఇంగ్లిషులోనే. అందులోని విషయం తెలుగులో:

“అయ్యా, నరసరావుపేట కేంద్రంగా సేల్స్ ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఈ ఏడాది బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను.

సెలవుల్లో మా బంధువుల కిరాణా కొట్లో కూర్చునేవాడిని. తలనూనె మీద పన్నెండుకు ఒకటి ఫ్రీ స్కీము వచ్చినప్పుడు కొట్టాయన వద్దన్నారు. నాకు ఆశ్చర్యం వేసి లెక్క వేశాను. 90 రూపాయల బాటిల్ అనుకుంటే స్కీము వల్ల ఆయనకు అదనంగా వచ్చేది 90 రూపాయలు. కానీ అక్కడ వారానికి రెండు బాటిళ్లే పోతాయి. మొదటి వారం బిల్లు కట్టడానికి 880 రూపాయలు వేరే సరుకు డబ్బులోంచి తీయాలి. అదే డబ్బు సాషేలలో వారం తిరిగితే కొన్న ధర మీద పది శాతం చొప్పున 88 రూపాయలు వస్తుంది. ఇది ఒక్క కొట్టు సంగతే. పెద్ద కొట్లలో లెక్క వేరుగా ఉంటుందని తెలుసు. ఏ కొట్టుకు ఎంత సరుకు సరిపోతుందో బీట్ మీద తిరిగి నేర్చుకోవాలని ఉంది.

చివరి ఏడాది సాయంత్రాలు ఆడిటర్ ఆఫీసులో పనిచేశాను. ఒక వ్యాపారి కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో సరిపోల్చడం, వాపసు సరుకుకు క్రెడిట్ నోట్లు వచ్చాయో లేదో చూడటం నా పని. డిస్ట్రిబ్యూటర్ క్లెయిముల లెక్క అర్థం చేసుకోవడానికి ఇది ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

మాది ఈ ప్రాంతమే. మిర్చి కోతల కాలంలో సత్తెనపల్లి, వినుకొండ వైపు పల్లె కొట్లలో చిన్న ప్యాకెట్ల గిరాకీ ఎలా పెరుగుతుందో చూశాను. బైకు, డ్రైవింగ్ లైసెన్సు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ పోస్టింగ్ ఇచ్చినా వెళతాను. ఇంటర్వ్యూకు ఏ రోజైనా రాగలను.”

అంతే. ఇంగ్లిషులో ఒక పేజీకి మించదు, మెయిల్‌లో అయితే అటాచ్‌మెంట్‌గా కాకుండా మెయిల్‌లోనే రాసెయ్యొచ్చు. మొదటి ఉత్తరంలోని ‘కష్టపడే స్వభావం’, ‘నాయకత్వం’ ఇందులో ఎక్కడా లేవు. బైకు, లైసెన్సు, ఎక్కడికైనా వెళతాననే మాట చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఎండలో తిరుగుతాడా అన్న మొదటి అనుమానానికి అవే జవాబు. నిజంగా వెళ్లలేని వాళ్లు మాత్రం ఆ మాట రాయకూడదు. తల్లిదండ్రుల్ని చూసుకోవాల్సి వచ్చి జిల్లా దాటలేకపోతే ఆ జిల్లా పేరు రాయండి. చేరిన రెండో నెలలో బదిలీ అడగడం కన్నా అదే నయం.

ఉత్తరంలో రాసిందే ఇంటర్వ్యూలో ప్రశ్నాపత్రం అవుతుంది. ఈ ఉత్తరానికి వచ్చే ప్రశ్నలు ముందే చెప్పొచ్చు. “వారానికి రెండే పోతాయని నీకెలా తెలుసు? రాసిపెట్టావా, ఊహించావా?” అని అడుగుతారు. కొట్లో కూర్చుని నాలుగు వారాలు నోట్‌బుక్‌లో గీతలు గీసిన వాడు తడుముకోడు. “మరి ఆ కొట్లో నువ్వు సేల్స్‌మన్‌వి అయితే ఏం చేసేవాడివి?” అన్నది రెండోది. దానికి గొప్ప జవాబు అక్కర్లేదు. రెండు బాటిళ్లే రాసుకుని వారం వారం క్రమం తప్పకుండా వెళతాను, హోల్‌సేల్ దాకా ఆయన పోకుండా చూస్తాను, డబ్బు ఎక్కువ తిరిగే నెలలో ఒకసారి స్కీము మళ్లీ అడుగుతాను, అంటే సరిపోతుంది. బజార్లో పనిచేసేవాళ్లు చేసేదీ అదే. “అమ్మకాలు ముప్పై శాతం పెంచాను” లాంటి మాట రాసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఎంత నుంచి ఎంతకు, ఎన్ని నెలల్లో, ఎవరి లెక్క అని మూడు ప్రశ్నలు వేసేసరికి నోరు పెగలదు.

పంపే ముందు చూసుకోవాల్సిన చిల్లర పొరపాట్లు కొన్ని ఉన్నాయి. పాత ఉత్తరంలో మరో కంపెనీ పేరు మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. పోటీ కంపెనీ బ్రాండును ఈ కంపెనీదిగా పొగడటం అంతకన్నా ఘోరం. ఒకే సరుకు వరసలో పక్కపక్కనే ఉండే బ్రాండ్లు వేర్వేరు కంపెనీలవి అయ్యుంటాయి. ప్యాకెట్ వెనక తయారీదారు పేరు చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది. “రెండేళ్లలో మార్కెటింగ్ మేనేజర్ అవ్వాలన్నది నా లక్ష్యం” అని రాస్తే బీట్ మీద ఉండడని అర్థం చేసుకుంటారు. తండ్రి పేరు, కులం, పెళ్లి వివరాలు ఈ ఉత్తరంలో అక్కర్లేదు. ఫైల్ పేరు ‘రెజ్యూమె ఫైనల్ 2’ అని కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. వందల ఫైళ్లలో వెతికేవాళ్లకు మీరు దొరకాలి.

ఉత్తరం పంపేవాళ్లు తమ వైపు నుంచి అడిగి తెలుసుకోవాల్సినవీ ఉన్నాయి. చాలా సేల్స్ ఉద్యోగాల్లో బ్రాండు ఒక కంపెనీది, జీతం ఇచ్చేది వేరే మ్యాన్‌పవర్ ఏజెన్సీ. అది తప్పు కాదు, కానీ పీఎఫ్, పెట్రోలు ఖర్చు, పర్మనెంట్ అయ్యే అవకాశం అన్నీ దాని మీద ఆధారపడతాయి కాబట్టి ఆఫర్ చేతికొచ్చాక ఎవరి రోల్ మీద తీసుకుంటున్నారో స్పష్టంగా అడగండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, యూనిఫారం డబ్బులు అంటూ ముందే చేతులు చాచేవాళ్లకు ఒక్క రూపాయి పంపకండి. పెద్ద బ్రాండుల పేరు పెట్టుకుని మోసం చేసేవాళ్లు బీకాం, బీఏ పాసైన పిల్లల్నే ఎక్కువగా వెతుక్కుంటారు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడండి.

బాబాయి కొట్టు అందరికీ ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. మీ వీధి కొట్లో రోజూ పాల ప్యాకెట్ తెచ్చుకునే పరిచయం చాలు. మధ్యాహ్నం గిరాకీ తగ్గే వేళ వెళ్లి, ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నానని నిజం చెప్పి, సేల్స్‌మన్ వచ్చే రోజు పక్కన కూర్చోవచ్చా అని అడగండి. చాలామంది కాదనరు. ఏ సరుకుకు సరే అన్నారు, దేనికి వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అని రాసుకోండి. ఇంటికొచ్చి దాంట్లో ఒక్కదానికి లెక్క వేయండి. అప్పుడు ఉత్తరం రాయండి. పంపే ముందు దాన్ని ఆ కొట్టాయనకే చదివి వినిపించండి. ఆయన చెప్పినదాన్ని మీరు తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అక్కడే దిద్దుతారు. లెక్క సరిగ్గానే ఉందని ఆయన అన్నాకే మెయిల్ పంపండి.